కాల్ బాగుపడాలంటే ముందు లోపం ఏ వైపు ఉందో తేల్చండి

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు అద్దె ఇళ్లలో ఉంటూ, రాత్రి భోజనాల వేళకు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు వీడియో కాల్ చేసే తెలుగువారు చాలామంది. కాల్ సరిగ్గా సాగకపోతే వారిలో ఎక్కువమంది చేసే మొదటి పని నెట్ ప్లాను పెంచడం. 100 ఎంబీపీఎస్‌ను 300 చేసుకుంటారు. నెలనెలా డబ్బు ఎక్కువ కడతారు, కాల్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది.

అసలు కాల్‌కు అంత వేగం అక్కర్లేదు. ఇద్దరు మాట్లాడుకునే కాల్‌లో బొమ్మ బాగుండాలంటే 600 కేబీపీఎస్, 720p హెచ్‌డీ కావాలంటే 1.2 ఎంబీపీఎస్ చాలని జూమ్ సంస్థే చెబుతుంది. గొంతు ఒక్కటే అయితే 60 నుంచి 80 కేబీపీఎస్‌తో సరిపోతుంది. కాల్‌ను చెడగొట్టేవి వేరే ఉన్నాయి. శబ్దం, బొమ్మ చిన్నచిన్న ప్యాకెట్లుగా ప్రయాణిస్తాయి. అవి దారిలో పోయినా, ఆలస్యంగా చేరినా, ఒకటి తొందరగా మరొకటి మెల్లగా వచ్చినా కాల్ పాడవుతుంది. సినిమా చూసేటప్పుడు యాప్ ముందుగానే కొంత భాగం దింపి పెట్టుకుంటుంది కాబట్టి ఈ ఎగుడుదిగుళ్లు మనకు తెలియవు. మాట్లాడేటప్పుడు అలా దాచుకోవడం కుదరదు. అందుకే సినిమా హాయిగా ఆడే ఇంట్లోనే కాల్ తెగిపోతూ ఉంటుంది.

మీ ఫోను నుంచి అమ్మ ఫోను దాకా ఉన్న దారిలో నాలుగు అతుకులు ఉన్నాయి: మీ గదిలోని వైఫై, మీ ఇంటికి వచ్చే నెట్ లైను, ఊళ్లో టవరుకూ అమ్మ ఫోనుకూ మధ్య సిగ్నల్, అమ్మ కూర్చున్న గది. సాధారణంగా వీటిలో ఒకటో రెండో చెడి ఉంటాయి. ఏది చెడిందో తెలియకుండా ఏ సెట్టింగూ మార్చకండి.

మొదటి అడుగు: బాధ ఎవరిది, కారణం ఎవరిది

కాల్‌లో ఉండగానే అవతలివారిని రెండు ప్రశ్నలు అడగండి. "నేను నీకు స్పష్టంగా కనిపిస్తున్నానా?" "నీ గొంతు నీకే మళ్లీ వినిపిస్తోందా?" వారి జవాబును మీకు కనిపించేదానితో, వినిపించేదానితో పోల్చి చూడండి.

మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తుంటే లోపం దాదాపు ఎప్పుడూ అవతలివైపే ఉంటుంది. అమ్మ బొమ్మ మీకు మసకగా, మీ బొమ్మ అమ్మకు స్పష్టంగా ఉంటే అమ్మ ఫోను నుంచి బయటికి వెళ్లే దారి బలహీనంగా ఉందన్నమాట. ఇద్దరికీ ఒకేసారి రెండోవారు ఆగిపోయినట్టు కనిపిస్తే, మీరు అదే నెట్‌తో మరో ఊళ్లో ఉన్నవారికి కాల్ చేసి చూడండి. అక్కడా అదే జరిగితే లోపం మీ ఇంట్లోనే ఉంది. అది బాగుంటే ఊరి వైపు చూడాలి.

మసక అన్నప్పుడు ఇంకొక్కటి గమనించండి. కాల్‌లో ఒక మూలన మీకు కనిపించే మీ సొంత బొమ్మ నెట్ మీదుగా వచ్చినది కాదు, నేరుగా మీ కెమెరా నుంచి వచ్చినది. అదే మసకగా ఉంటే నెట్‌ను తప్పుపట్టకండి. లెన్సు మీద వేలిముద్ర ఉండవచ్చు, తుడవండి. గదిలో వెలుగు తక్కువగా ఉండవచ్చు. చీకట్లో కెమెరా తీసే బొమ్మంతా చుక్కలమయం. ఆ చుక్కలు క్షణక్షణం మారుతుంటాయి కాబట్టి బొమ్మను కుదించి పంపడం యాప్‌కు కష్టమవుతుంది. దీపం మీ వెనుక కాకుండా ముఖానికి ఎదురుగా ఉండేలా కూర్చుంటే, నెట్ బలహీనంగా ఉన్నప్పుడు కూడా బొమ్మ తేరుకుంటుంది.

రెండో అడుగు: తిరిగివచ్చే గొంతును ఆపడం

మీ మాట అమ్మ ఫోను స్పీకర్ నుంచి బయటికి వస్తుంది. అదే ఫోను మైకు ఆ మాటను పట్టుకుని మీకు తిప్పి పంపుతుంది. దీన్ని ఆపే ఏర్పాటు ప్రతి ఫోనులోనూ ఉంది. స్పీకర్‌లో తాను ఏం వినిపిస్తోందో ఫోనుకు తెలుసు కాబట్టి, మైకులో పడిన శబ్దం నుంచి ఆ భాగాన్ని తీసివేస్తుంది. అయితే తాను పంపిన శబ్దమే మైకుకు చేరినప్పుడే ఈ లెక్క కుదురుతుంది. శబ్దాన్ని నిండుగా పెడితే చిన్న స్పీకర్ అదిరి గొంతును వికృతం చేస్తుంది. అప్పుడు లెక్క తప్పుతుంది. బ్లూటూత్ స్పీకర్‌కో టీవీకో కలిపితే శబ్దం ఆలస్యంగా బయటికి వస్తుంది, అప్పుడూ తప్పవచ్చు. మందపాటి కవరు మైకు రంధ్రాన్ని మూసేస్తే స్పీకర్ శబ్దం కవరు లోపలి నుంచే మైకుకు చేరుతుంది.

ముందు నిర్ధారించుకోండి. అమ్మను మైకు గుర్తు నొక్కి పది క్షణాలు మూసి ఉంచమనండి. ఆ సమయంలో మీరు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టండి. మీ గొంతు తిరిగి రావడం ఆగిందా, కారణం అక్కడే ఉంది. నలుగురైదుగురు కలిసిన కాల్‌లో అయితే ఒక్కొక్కరి మైకూ వరుసగా మూయించండి. ఎవరిది మూస్తే ఆగిందో వారే. ఒకే గదిలో ఇద్దరు రెండు ఫోన్లతో ఒకే కాల్‌లో చేరితే ఈల వేసినట్టు కూత వస్తుంది. అప్పుడు ఒక ఫోనులో మైకు, స్పీకర్ రెండూ మూయాలి.

ఇక్కడ పెద్దల విషయంలో కొంచెం ఓపిక కావాలి. వినికిడి తగ్గినవారు శబ్దాన్ని నిండుగా పెట్టుకుంటారు. దాంతో మీ గొంతు మీకే తిరిగి వినిపించి మీరు మాట మధ్యలో ఆగుతారు. మీరు ఆగితే వారికి వినపడలేదనిపించి శబ్దం ఇంకా పెంచుతారు. తగ్గించమని చెప్పడం వల్ల ప్రయోజనం ఉండదు, ఎందుకంటే వారికి నిజంగానే వినపడదు. వారికి మైకు ఉన్న తీగ ఇయర్‌ఫోన్ ఒకటి కొనివ్వండి. ఖర్చు తక్కువ, ఛార్జింగ్ అక్కర్లేదు. శబ్దం చెవిలోనే ఉండిపోతుంది కాబట్టి మైకుకు చేరదు. కొనేముందు వారి ఫోనులో గుండ్రటి రంధ్రం ఉందా, టైప్-సి ఒక్కటే ఉందా అడిగి తెలుసుకోండి.

గొంతు తిరిగి రాకపోయినా, బావిలోంచి మాట్లాడినట్టు డొల్లగా వినిపిస్తే అది వేరే సమస్య. ఖాళీ గోడలు, టైల్స్ నేల ఉన్న గదిలో మైకుకు దూరంగా కూర్చుంటే అలా వస్తుంది. ఫోనుకు దగ్గరగా జరగడం, పరుపు, కర్టెన్లు ఉన్న గదిలోకి మారడం చాలు.

మూడో అడుగు: మీ గదిలోని వైఫైని పరీక్షించడం

దీన్ని మా పిన్ని కొడుకు ఇంట్లో చేసిన పరీక్షతోనే వివరిస్తాను. మారతహళ్లిలో రెండో అంతస్తు, రెండు పడకగదులు. రూటర్ హాల్లో గుమ్మం దగ్గర ఉంది. పిల్లలు నిద్రపోయాక తమ్ముడు లోపలి గదిలో కూర్చుని మదనపల్లె దగ్గరి పల్లెలో ఉన్న పిన్నితో మాట్లాడతాడు. గొంతు తిరిగి వస్తుంది, పిన్ని బొమ్మ మసక, మధ్యమధ్యలో కాల్ తెగుతుంది. మూడు బాధలూ ఒక్క నెట్ వల్లే వస్తున్నాయని అతను అనుకున్నాడు.

లోపలి గదిలోనే లాప్‌టాప్ పెట్టి, కాల్ నడుస్తుండగా రెండు కమాండ్ ప్రాంప్ట్ విండోల్లో ఈ రెండు కమాండ్లు నడిపాం. మొదటిది రూటర్ దాకా, రెండోది ఇంటి బయట నెట్‌లోకి వెళ్లివచ్చే సమయాన్ని కొలుస్తుంది.

```
ping -n 50 192.168.1.1
ping -n 50 8.8.8.8
```

మ్యాక్ అయితే `-n` బదులు `-c` రాయాలి. మీ రూటర్ చిరునామా వేరేలా ఉండవచ్చు. విండోస్‌లో `ipconfig` అని కొడితే `Default Gateway` ఎదురుగా అది కనిపిస్తుంది.

రూటర్ మీకు కొన్ని అడుగుల దూరంలోనే ఉంటుంది కాబట్టి మొదటి పరీక్షలో ప్రతి వరుసా 10 మిల్లీసెకన్ల లోపు రావాలి. తమ్ముడి గదిలో 3, 4, 180, 5, 240 అని వస్తూ, మధ్యలో `Request timed out` అని కూడా పడింది. సగటు చూసి మోసపోకండి, వరుసలు చూడండి. మంచి వరుసల మధ్య వచ్చే ఒక్క 240 చాలు, మాటలో ఒక అక్షరం ఎగిరిపోవడానికి. అదే లాప్‌టాప్‌ను రూటర్ పక్కన పెడితే అన్నీ 2, 3, 4 వచ్చాయి. అంటే రూటర్ మంచిదే, మధ్యలో ఉన్న గాలి మంచిది కాదు.

కారణం వెతకడానికి ఫోనులో వైఫై జాబితా తెరిస్తే చాలు, పక్కింటివి, పైఅంతస్తువి, ఎదురు భవనంవి వరుసగా కనిపించాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానళ్లు మూడే: 1, 6, 11. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఆ మూడింటినీ చుట్టుపక్కల ఇళ్లవారందరూ పంచుకుంటారు. ఒకరు మాట్లాడేదాకా ఇంకొకరు ఆగాలి. ఆ ఆగడమే మనకు 240గా కనిపించింది. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ బ్యాండులోనే అల్లరి చేస్తుంది.

అందుకే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. చాలా రూటర్లలో అది వేరే పేరుతో, చివర `5G` అని కనిపిస్తుంది. దానికీ మొబైల్ 5జీకీ సంబంధం లేదు. అక్కడ ఛానళ్లు ఎక్కువ, రద్దీ తక్కువ. అయితే అది గోడలు దాటడంలో బలహీనం. తమ్ముడి లోపలి గదికి అది సరిగ్గా చేరలేదు. రూటర్‌ను గుమ్మం దగ్గరి నుంచి తీసి, పొడవైన తీగతో హాలుకూ గదికీ మధ్య ఉన్న అల్మరా మీద పెట్టాక ఆ గదిలో కూడా వరుసలన్నీ 10 లోపు వచ్చాయి. టీవీ వెనుకా, ఇనుప బీరువాలోపలా, నేలమీదా రూటర్ పెట్టకండి. జరిపే వీలు లేకపోతే మీరే హాల్లోకి వచ్చి మాట్లాడండి.

నాలుగో అడుగు: ఇంట్లో ఎవరు అప్‌లోడ్ చేస్తున్నారో చూడటం

రూటర్ దాకా బాగుండి, రెండో కమాండులో మాత్రమే అంకెలు పెరిగితే లోపం లైనులో ఉంది. తమ్ముడి ఇంట్లో మామూలుగా 12 వచ్చే చోట ఒక్కసారిగా 600 దాటింది, నిమిషం తర్వాత మళ్లీ 12కి దిగింది. కారణం మరదలి ఫోను. పగలు తీసిన పిల్లల వీడియోలు ఆమె ఇంటికి రాగానే వైఫై దొరికి బ్యాకప్‌కు వెళుతున్నాయి.

రూటర్ తన దగ్గరికి వచ్చిన ప్యాకెట్లను వరుసలో నిలబెట్టి బయటికి పంపుతుంది. పెద్ద అప్‌లోడ్ మొదలైతే ఆ వరుస సిల్క్ బోర్డు కూడలిలో సాయంత్రం లారీల బారులా నిండుతుంది, మీ గొంతు ప్యాకెట్టు వాటి వెనుక చిక్కుకుంటుంది. వేగ పరీక్ష చేస్తే ప్లాను అంకె నిక్కచ్చిగా వస్తుంది, ఎందుకంటే ఆ పరీక్ష ఆలస్యాన్ని ప్రధానంగా చూపదు. మాటకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికం సంఘం జి.114 ప్రమాణం చెబుతుంది. అది 400 దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగుతుంటారు.

ఫోటోల యాప్‌లో బ్యాకప్‌ను కాల్ ముగిసేదాకా ఆపండి. క్లౌడ్‌కు పంపే సీసీ కెమెరాలు ఉంటే వాటి నాణ్యతను తగ్గించండి. రూటర్ పేజీలో `QoS` అనే భాగం ఉంటే, మీ అసలు అప్‌లోడ్ వేగంలో సుమారు 85 నుంచి 90 శాతానికి పరిమితి పెట్టండి. వరుస రూటర్‌లో పేరుకోదు, ఆలస్యం తగ్గుతుంది.

ఐదో అడుగు: ఊరి వైపు

తమ్ముడి వైపు చక్కబడ్డాక కూడా పిన్ని బొమ్మ మసకగానే ఉంది. పిన్నికి మాత్రం మేము స్పష్టంగా కనిపిస్తున్నాం. ఫోనులో నాలుగు గీతలు ఉన్నాయని ఆమె చెప్పింది. ఈ గీతలు టవరు మాట ఫోనుకు ఎంత గట్టిగా వినిపిస్తోందో మాత్రమే చూపుతాయి. ఫోను మాట టవరుకు వినిపిస్తోందా అన్నది చూపవు. టవరు పదుల వాట్ల బలంతో పంపుతుంది. మన ఫోను గరిష్ఠ బలం వాటులో అయిదో వంతు. అందుకే ఇంట్లోకి వచ్చే బొమ్మ బాగుండి, బయటికి వెళ్లే బొమ్మ చితికిపోతుంది.

గీతలకు బదులు అంకె చూడండి. ఆండ్రాయిడ్‌లో `Settings > About phone > SIM status` లో `Signal strength` ఉంటుంది. ఫోను కంపెనీని బట్టి దారి కొంచెం మారవచ్చు. -85 అంటే చాలా బాగు, -100 పర్వాలేదు, -110 దాటితే వీడియో కష్టం, -120 దగ్గర కాల్ నిలవదు. పిన్ని వంటింట్లో రాతి గోడల మధ్య కూర్చున్నప్పుడు -114. "పిన్నీ, ఫోను పట్టుకుని వసారాలోకి వచ్చి కూర్చో" అన్నాను. అక్కడ -97. యాప్ కొలిచి తేల్చుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది కాబట్టి బొమ్మ వెంటనే మారలేదు, తర్వాత దానంతటదే స్పష్టమైంది. కాల్ మొదలైన వెంటనే బొమ్మ మసకగా ఉండటం మామూలే, అప్పుడే పెట్టేయకండి.

అంకె బాగుండి, సాయంత్రం మాత్రమే పాడైతే ఆ టవరు మీద జనం ఎక్కువ అన్నమాట. దానికి ఫోనులో మందు లేదు. పగలు మాట్లాడటమో, వేరే కంపెనీ సిమ్ ప్రయత్నించడమో మిగిలిన దారులు. ఫోను 5జీకీ 4జీకీ మధ్య ఊగుతుంటే `Preferred network type` ను 4జీకి మార్చండి. ఊరి అంచుల్లో బలహీనమైన 5జీ కంటే నిలకడైన 4జీ కాల్‌కు మేలు.

తెగిపోయే కాల్‌కు

పిన్ని కాల్ ఎప్పుడు తెగుతోందో రాసిపెట్టమన్నాం. మధ్యలో ఇంకెవరిదో మామూలు ఫోను వచ్చినప్పుడే తెగుతోంది. ఆమె ఫోనులో రెండు సిమ్‌లు ఉన్నాయి. డేటా ఒకదానిమీద, బంధువుల ఫోన్లు రెండోదానిమీద. చాలా ఫోన్లలో రెండో సిమ్ మీద మాట్లాడుతున్నంతసేపు మొదటి సిమ్ డేటా ఆగిపోతుంది, దాంతో వాట్సాప్ కాల్ కూడా పడిపోతుంది. సిమ్ సెట్టింగుల్లో కాల్ సమయంలో డేటా దానంతటదే మారే వీలు ఉంటే వేయండి. అన్నిటికన్నా తేలిక మార్గం, తెలిసినవారందరికీ డేటా ఉన్న సిమ్ నంబరే ఇవ్వడం.

మీరు మాట్లాడుతూ ఇంట్లోంచి మెట్ల మీదికి, లిఫ్టు దగ్గరికి నడిచినప్పుడే తెగితే కారణం వేరు. ఫోను చివరి క్షణందాకా నీరసమైన వైఫైని వదలదు. వదిలి మొబైల్ డేటాకు మారేసరికి దాని చిరునామా మారి, కాల్ మళ్లీ కలవాల్సి వస్తుంది. బయటికి వెళ్లేముందే వైఫై ఆపేసి కాల్ చేయండి. తెర ఆరగానే తెగితే బ్యాటరీ పొదుపు యాప్‌ను ఆపేస్తోందేమో చూడండి. ఆ యాప్ బ్యాటరీ అమరికను `Unrestricted` చేయండి.

వాట్సాప్ కాకుండా మామూలు ఫోను కాలే గదిలో తెగుతుంటే, వైఫై బాగున్నప్పుడు `Wi-Fi calling` ను, దానితోపాటు వోల్టీఈని ఆన్ చేయండి. కాల్ టవరుకు బదులు మీ నెట్ లైను మీదుగా వెళుతుంది. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని ప్రారంభించాయి. దీనికి అదనంగా రుసుము లేదు.

ఇవన్నీ చేసే సమయం లేక, కాల్ అప్పటికప్పుడు చితుకుతుంటే కెమెరా ఆపండి. ముందుగా బలహీనంగా ఉన్నవైపువారే ఆపాలి. వాట్సాప్‌లో `Settings > Storage and data` లో `Use less data for calls` ఆన్ చేస్తే బొమ్మ తగ్గి, గొంతు నిలబడుతుంది.

మీ లైనులోనే లోపమని తేలితే కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ స్లోగా ఉంది" అనకండి. దానికి వారు వేగ పరీక్ష చేయించి, బాగానే ఉందని ముగిస్తారు. రూటర్‌కు తీగతో కలిపిన కంప్యూటర్‌లో, ఇంట్లో ఇంకెవరూ ఏదీ అప్‌లోడ్ చేయనప్పుడు తీసిన రెండు కమాండ్ల ఫలితాలను, తేదీ, సమయంతో సహా పంపండి. రూటర్ దాకా ఒక్క ప్యాకెట్టూ గల్లంతు కాలేదనీ, బయటికి వెళ్లినవాటిలో ఇన్ని గల్లంతయ్యాయనీ రాయండి. తీగతో కూడా ప్యాకెట్లు పోతున్నాయని చూపితే, మనిషిని పంపి ఫైబర్ కలిపిన చోట పరీక్షించమని గట్టిగా అడగవచ్చు. గోడలోపల మడత పడిన ఫైబర్, వదులైన కనెక్టరు ఈ పరీక్షలోనే బయటపడతాయి.